అంకెల కింద చెంప ఇంకా ఉంది

"నమస్కారమండీ. 1996లో మా ఇంటి అరుగు మీద తీసిన ఫోటో ఒకటుంది. తాతయ్య, అమ్మ, అమ్మ ఒళ్లో వాలి మా అప్ప. కింద కుడి మూల '96 5 12 అని నారింజ రంగులో తేదీ పడింది. 96 తాతయ్య పంచె మీద, 5, 1 అమ్మ పట్టుచీర మీద, చివరి 2 సరిగ్గా అప్ప చెంప మీద ఉన్నాయి. అప్ప సీమంతానికి దీన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలని ఉంది. ఫోన్‌లో చెరిపి చూస్తే చెంప నున్నగా అయిపోయి, చీర అంచు రంగు చెంపలోకి పాకింది. నెయిల్‌పాలిష్ రిమూవర్‌తో రుద్దితే అంకెలు పోతాయని ఒకరు చెప్పారు. భయమేసి ఆగాను. నెగిటివ్‌లు కూడా ఒక కవర్లో దొరికాయి. ఏం చేయమంటారు?"
— ఒక పాఠకురాలు, నరసన్నపేట

ఆగి మంచి పని చేశారమ్మా. ఆ అంకెలు ఫోటో పైన వేసిన సిరా కాదు, రుద్దితే పోవడానికి. చెంప రంగు, చీర రంగు కాగితం లోపల ఏ పూతలో ఉన్నాయో అంకెలూ అదే పూతలో ఉన్నాయి. రిమూవర్ పడితే ముందు ఫోటో మీది మెరుపు చెడిపోతుంది, గట్టిగా రుద్దితే పూతే లేచి వస్తుంది. బ్లేడుతో గీకినా, రబ్బరుతో తుడిచినా సంగతి ఇంతే. అసలు ఫోటోని ముట్టుకోవద్దు. పని మొత్తం స్కాన్ మీదే.

ఆ అంకెలు ఎలా పడ్డాయో తెలిస్తే వాటిని ఎలా తీయాలో సగం తెలిసినట్టే, అందుకని రెండు ముక్కలు చెబుతాను. అప్పట్లో తేదీ వేసే కెమెరాలకు చాలావాటికి వెనక మూతలో చిన్న గడియారం, దానికో బుల్లి దీపం ఉండేవి. మీరు బటన్ నొక్కగానే ఆ దీపం అంకెల ఆకారంలో ఫిల్ము వెనక నుంచి వెలిగేది. కలర్ ఫిల్ములో మూడు రకాల పొరలుంటాయి: పైన నీలం కాంతిని పట్టుకునేది, మధ్యలో ఆకుపచ్చది, అడుగున ఎరుపుది. ఆ దీపం కాంతి నారింజ-ఎరుపు రంగులో ఉంటుంది, పైగా వెనక నుంచి వస్తుంది. కాబట్టి దెబ్బ ఎక్కువగా పడేది అడుగున ఉన్న ఎరుపు పొరకి. ఆకుపచ్చ పొరకి కొంత తగులుతుంది. నీలం పొరకి దాదాపు ఏమీ కాదు.

ఇక్కడే మీకు పనికొచ్చే విషయం ఉంది. తేదీ మీ అప్ప చెంపని తుడిచేసి దాని చోట కూర్చోలేదు. చెంప నుంచి వచ్చిన వెలుగుకి దీపం వెలుగు అదనంగా కలిసింది, అంతే. ఎరుపులో అది మితిమీరింది, నీలంలో చెంప చెంపలాగే ఉండిపోయింది. ఫోన్ యాప్‌లోని హీలింగ్ మూడు రంగుల్నీ ఒకేసారి తీసేసి పక్కనున్నదాన్ని తెచ్చి పూస్తుంది. అంటే బాగున్న నీలాన్ని కూడా పారేస్తుంది. మీకు చెంప నున్నగా అయిపోయింది అందుకే. మనం చెడిన రంగునే బాగుచేస్తే చాలు.

ఇలాంటి ఫోటోల్లో కొన్నిటికి అసలు చెరిపే పనే ఉండదు, అది కూడా చెప్పాలి. మామూలు 6×4 ఫోటోని 10×8 ఫ్రేముకి పెంచితే అసలు ఫోటో పొడవులో ఒక అంగుళం ఎలాగూ కత్తిరించాలి. తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరిస్తే చాలాసార్లు అంకెలు మొత్తం పోతాయి. మీ ఫోటోలో అక్కడే పాప ఉంది కాబట్టి ఈ దారి లేదు. ఆల్బమ్‌లో మిగతా ఫోటోలకు పనికొస్తుంది.

ఇక స్కానింగ్. మీరు నాకు పంపింది వాట్సాప్ కాపీ. దాని మీద ఈ పద్ధతి నడవదు, కారణం చెబుతాను. జేపెగ్ ఫైలు సైజు తగ్గించడానికి వెలుగు-నీడల వివరాన్ని ఉంచుకుని, రంగుల వివరాన్ని సాధారణంగా సగానికి కుదించేస్తుంది. కంటికి తేడా తెలియదు. కానీ మనకు కావలసింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా. కుదించిన ఫైల్లో అంకెల ఎరుపు నీలంలోకి కూడా పాకి ఉంటుంది. అందుకని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐ దగ్గర, టిఫ్ లేదా పీఎన్‌జీ ఫైలుగా స్కాన్ చేయించండి. 6×4 ఫోటో 3600×2400 పిక్సెళ్లు వస్తుంది, 12×8 ప్రింటుకి అది సరిపోతుంది. స్కాన్ చేసేవాళ్లకి ఇంకొక మాట చెప్పండి: రంగులు సరిచేసే ఆటో బటన్లు, దుమ్ము తీసేది, షార్ప్ చేసేది, అన్నీ ఆపేయమనండి. ఆటో కలర్ ఎరుపుని ఇంకా సాగదీసి అంకెల్ని పూర్తిగా తెల్లబరుస్తుంది. ఫోటో రంగు వెలిసిపోయి ఉంటే అదీ సరిచేసుకోవచ్చు, కానీ తేదీ తీసిన తర్వాతే.

ఫోటో ఆల్బమ్ జిగురు పేజీకి అంటుకుని ఉంటే పీకొద్దు. పైన ప్లాస్టిక్ కాగితం తేలిగ్గా లేస్తే దాన్ని తీసి, పేజీతో సహా స్కానర్ మీద పెట్టించండి.

నెగిటివ్‌ల గురించి అడిగారు. తేదీ ఫిల్ము మీదే పడింది కాబట్టి నెగిటివ్‌లోనూ ఉంటుంది, దానితో తేదీ మాయం కాదు. అయినా అవి రెండు రకాలుగా బంగారం. ఒకటి, ప్రింటులో తేదీ దగ్గర ఎరుపు పూర్తిగా కొట్టుకుపోయినా నెగిటివ్‌లో ఇంకొంత వివరం మిగిలి ఉండొచ్చు, ఫ్రేము అంచులు కూడా ప్రింటులో కంటే కాస్త ఎక్కువ కనిపిస్తాయి. రెండు, ఆ రోజు అదే అరుగు మీద రెండో ఫోటో తీసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ స్ట్రిప్‌లో పక్క ఫ్రేములు చూడండి. అమ్మ కొంచెం కదిలి కూర్చుంటే చాలు, తేదీ ఇంకెక్కడో పడి, ఈ ఫోటోలో అంకెల కింద ఉన్న చీర అంచు అక్కడ శుభ్రంగా కనిపిస్తుంది. ఆ ముక్క మనకు అవసరం పడుతుంది. మామూలు ఫ్లాట్‌బెడ్ నెగిటివ్‌ని సరిగా చదవదు, మూతలో కూడా లైటు ఉండే స్కానర్ కావాలి. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ పాత స్టూడియోల్లో అడిగి చూడండి. నెగిటివ్‌ని అంచులు పట్టుకునే ఎత్తండి, మధ్యలో వేలు పెట్టొద్దు.

ఇప్పుడు కంప్యూటర్. నేను GIMP అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రామ్ చెబుతాను, ఉచితం, ఈ పనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. స్కాన్ తెరిచి, ఒక కాపీ వేరే పేరుతో సేవ్ చేసుకుని దాని మీదే పని చేయండి. ముందు Layer > Duplicate Layer తో ఒక నకలు లేయర్ పెట్టుకోండి, కింద అసలుది చెక్కుచెదరకుండా ఉంటుంది. పై లేయర్ మీద ఉండగా Colors > Components > Decompose తెరిచి, RGB ఎంచుకుని, Decompose to layers టిక్ ఉందో లేదో చూసి సరే అనండి. మూడు నలుపు-తెలుపు లేయర్లతో కొత్త విండో వస్తుంది: red, green, blue. వీటిలో ఒక్కో రంగునీ ఛానల్ అంటారు.

వాటిని ఒక్కొక్కటిగా పైకి తెచ్చి, తేదీ ఉన్న మూలని పెద్దది చేసి చూడండి. ఎరుపులో అంకెలు తెల్లగా మెరుస్తుంటాయి. ఆకుపచ్చలో బూడిద రంగులో కనిపిస్తాయి. నీలంలో అంకెల చోట చీర మడతలు, చెంప గుండ్రదనం మామూలుగా కొనసాగుతూ ఉంటే, పని సగం అయిపోయినట్టే. లీలగా ఛాయ కనిపించినా ఫరవాలేదు. నీలంలో కూడా అంకెలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తే మాత్రం ఆ ఫోటోలో దీపం మరీ గట్టిగా పడిందనో, ఫైలు జేపెగ్ నుంచి వచ్చిందనో అర్థం. ఫైలు సరైనదే అయితే నెగిటివ్ స్కాన్ చేయించి మళ్లీ చూడాలి.

ఆ తర్వాత అంకెల చుట్టూ సెలెక్షన్. చీర మీదున్న 5, 1 ఎరుపు ఛానల్‌లో చీకటి మీద వెలుగులా ఉంటాయి కాబట్టి Fuzzy Select తో నొక్కితే చక్కగా దొరుకుతాయి. కానీ అంకె కనిపించినంత వరకే పట్టుకుంటే మోసపోతాం. ఫిల్ములో పడ్డ వెలుగు కొంచెం పక్కలకు చెదురుతుంది, అంకె చుట్టూ సన్నటి నారింజ పొగ ఉంటుంది. దాన్ని వదిలేస్తే పని అంతా అయ్యాక 5 ఆకారంలో ఒక గీత మిగిలిపోతుంది. అందుకని Select > Grow లో 5 పిక్సెళ్లు పెంచి, అంచు మెత్తబడేలా Select > Feather లో 2 ఇవ్వండి. 600 డీపీఐ స్కాన్‌కి ఇది సుమారుగా సరిపోతుంది, పొగ ఇంకా బయటికి కనిపిస్తే ఇంకో రెండు పెంచండి. ఇదంతా మళ్లీ చేసే శ్రమ లేకుండా Select > Save to Channel తో దాచుకోండి.

మీ ఫోటోలో మూడు చోట్లకి మూడు రకాల వైద్యం కావాలి. తేలికదానితో మొదలుపెడదాం.

తాతయ్య పంచె తెలుపు. తెల్ల బట్ట మీద తేదీ అసలే సరిగా కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎరుపు ముందే నిండుగా ఉంది, దీపం కొత్తగా కలిపేది తక్కువ. మీ కాపీలో కూడా 96 పలచటి గులాబీ మరకలాగే ఉంది. తెల్ల బట్టలో మూడు రంగులూ ఇంచుమించు సమానంగా ఉంటాయి కాబట్టి నీలం ఛానల్‌లోని ముక్కని యథాతథంగా తెచ్చి ఎరుపులోనూ ఆకుపచ్చలోనూ పెట్టొచ్చు. 96 చుట్టూ సెలెక్షన్ ఉంచి, నీలం లేయర్ మీద Edit > Copy, తర్వాత ఎరుపు లేయర్ ఎంచుకుని Edit > Paste In Place. అతికిన ముక్క పాత ఫోటోల్లో కొంచెం నల్లగా అనిపిస్తుంది, ఎందుకంటే కాగితం పసుపెక్కితే నీలం తగ్గుతుంది. Colors > Levels లో మధ్యనున్న త్రికోణాన్ని కొంచెం ఎడమకి జరిపి పక్కనున్న పంచె వెలుగుతో కలిసేదాకా పెంచండి. కలిశాక ఆ ముక్కని ఎరుపు లేయర్లో కలిపేయాలి: మీ వెర్షన్‌ని బట్టి Anchor గానీ Merge Down గానీ. ఇది మరిచిపోతే లేయర్లు మూడుకి బదులు నాలుగవుతాయి, అతికిన ముక్క చివర్లో ఫోటోలోకి రాదు. ఆకుపచ్చలోనూ ఇదే చేయండి. పొందూరు ఖద్దరు పంచెలకు సన్నటి మడతలుంటాయి. ఆ మడతలు ఈ పద్ధతిలో ఎక్కడా తెగవు, ఎందుకంటే అవి నీలంలో ఉన్న అసలు మడతలే.

చీర కాస్త ఓపిక అడుగుతుంది. ముదురు ఆకుపచ్చ పట్టు మీద అంకెలు బాగా కనిపిస్తాయి, కానీ అక్కడే నీలం బాగా సాయపడుతుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆకుపచ్చ చీరలో ఎరుపు, నీలం సమానం కాదు. ముక్క తెచ్చి పెడితే మడతలు వస్తాయి గానీ వెలుగు కుదరదు. దాన్ని కుదర్చడానికి రెండు చోట్ల కొలత తీసుకోండి. అంకెకి దగ్గరలో, అంకె తగలని చోట, మడత మీద వెలుగు పడ్డ బిందువు ఒకటి, మడత లోపలి నీడ ఒకటి. Color Picker తో రెండు ఛానళ్లలో విలువ చదవండి. ఉదాహరణకి వెలుగు బిందువు నీలంలో 70, ఎరుపులో 60 అనుకుందాం. నీడ బిందువు నీలంలో 30, ఎరుపులో 20. అతికించిన ముక్క మీద Colors > Curves తెరిచి, 70 దగ్గర ఒక చుక్క పెట్టి 60కి దించండి, 30 దగ్గర ఇంకొకటి పెట్టి 20కి దించండి. అంతే, ముక్క చుట్టుపక్కల ఎరుపులో కలిసిపోతుంది. ఆకుపచ్చ ఛానల్‌కి కూడా ఇలాగే, వేరే కొలతలతో. మీ స్కాన్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, చదవడం మాత్రం ఇలాగే.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్క ఒక రంగు బట్టకే పనిచేస్తుంది. చీర వంటికీ జరీ అంచుకీ ఒకే కర్వ్ పెడితే జరీ బురద రంగులోకి తిరుగుతుంది, ఎందుకంటే బంగారు రంగులో ఎరుపు చాలా ఎక్కువ, నీలం చాలా తక్కువ. మీ ఫోటోలో 1 కింది కొస అంచు మీదకి దిగినట్టుంది. దాన్ని చీర నుంచి వేరుగా సెలెక్ట్ చేయండి. జరీ దగ్గర నీలం మీద ఆధారపడకుండా క్లోన్ టూల్ వాడండి. అంచులో ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది కదా, పక్క నమూనా మీద Ctrl పట్టుకుని నొక్కి, దాన్ని తెచ్చి ఇక్కడ వేయొచ్చు. నమూనాలో ఒక మూలని గుర్తుపెట్టుకుని అదే మూల మీద బ్రష్ పెట్టడం ముఖ్యం, రెండు పిక్సెళ్లు పక్కకి జరిగినా జరీ గీత విరిగినట్టు కనిపిస్తుంది. అంచు వంపు తిరిగిన చోట పక్క నమూనా వాలు సరిపోకపోతే అప్పుడు ఆ రెండో ఫ్రేము నెగిటివ్ వెతుక్కోండి.

ఇక చెంప. అన్నిటికంటే భయం ఇక్కడే, నిజానికి జాగ్రత్తగా చేస్తే బాగా కుదిరేదీ ఇక్కడే. మొదట చెంప అంచు వెంట Free Select తో గీత గీయండి: జుట్టు, చెవి, చీర అన్నీ బయట ఉండేలా. ఫెదర్ ఒక పిక్సెల్ చాలు. ఇప్పుడు ఈ గీత లోపలే పనిచేస్తే చీర వైపు ఒక్క చుక్క కూడా పోదు. మీ ఫోన్‌లో అంచు రంగు చెంపలోకి పాకడానికి కారణం హీలింగ్ పనిచేసే తీరు. అది తెచ్చిన చర్మం నునుపుని చుట్టూ ఉన్న రంగుతో కలుపుతుంది. చుట్టూ ఉన్నదాంట్లో ఆకుపచ్చ చీర కూడా ఉంటే అదీ కలిసిపోతుంది. GIMP లోని Heal కూడా అదే చేస్తుంది. అందుకని ముఖం అంచుకి దగ్గరగా Heal వద్దు, క్లోనే మంచిది.

ముఖం మీద ఇంకో తేడా ఉంది. చర్మం ఎరుపులో ముందే బాగా వెలుగుగా ఉంటుంది, అంకె దాని కంటే కొంచెమే ఎక్కువ. అందుకని ఎరుపులో అంకె హద్దు స్పష్టంగా దొరకదు. ఆకుపచ్చ ఛానల్‌లో చూసి 2 ఆకారాన్ని చేత్తో గుర్తించండి. తర్వాత క్లోన్ టూల్ తీసుకుని, పైన Mode దగ్గర Darken only ఎంచుకోండి. ఈ పనిలో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న సెట్టింగ్ ఇది. మనం తెచ్చిన చర్మం అక్కడున్నదాని కంటే ముదురుగా ఉంటేనే అది పడుతుంది, లేకపోతే పడదు. తేదీ ఎప్పుడూ కింద ఉన్నదాని కంటే వెలుగే. కాబట్టి బ్రష్ అంకె మీద నుంచి పోయినప్పుడు అంకె తగ్గుతుంది, దాని పక్కనున్న మంచి చర్మం చాలావరకు అలాగే ఉంటుంది.

బ్రష్ అంకె గీత వెడల్పు కంటే కాస్త పెద్దది, అంచులు మెత్తనిది పెట్టండి. Opacity 40 దగ్గర ఉంచి రెండు మూడు సార్లు పైపైన వెళ్లండి, ఒకేసారి పూర్తిగా కప్పొద్దు. చర్మాన్ని ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది ముఖ్యం. చెంప గుండ్రంగా ఉంటుంది, వెలుగు ఒక వైపు నుంచి పడుతుంది, కాబట్టి అంకెకి అడ్డంగా పక్కనున్న చర్మం ఒక మోతాదు వెలుగులో, పైనున్నది ఇంకో మోతాదులో ఉంటాయి. నీలం ఛానల్ చూసి, అంకె చోట వెలుగు ఎంత ఉందో అంతే వెలుగున్న పక్క చోటు నుంచి తెచ్చుకోండి. ముందు ఆకుపచ్చలో, తర్వాత ఎరుపులో చేయండి. నీలాన్ని ముట్టుకోవద్దు. ముఖం ఆకారం, నీడ, చర్మం మీది సన్నటి గరుకు అందులో అలాగే ఉంటాయి. మూడూ తిరిగి కలిసినప్పుడు చెంప సజీవంగా కనిపించేది దానివల్లే.

మీ కాపీని బాగా పెద్దది చేసి చూస్తే అంకె తోక పక్కనే పాప చెంప మీద ఒక నల్లచుక్క కనిపించింది. అది దిష్టిచుక్కే అనుకుంటున్నాను, అమ్మని ఒకసారి అడగండి. పిల్లకి పెట్టిన చుక్కని ఫోటోలో మరక అనుకుని చెరిపేసినవాళ్లు ఉన్నారు, దయచేసి మీరు అలా చేయొద్దు. అది ఎక్కడిదాకా ఉందో నీలం ఛానల్ చెబుతుంది: కాటుక మూడు ఛానళ్లలోనూ నల్లగానే ఉంటుంది, తేదీ నీలంలో కనిపించదు. Darken only లో ఉన్నప్పుడు తెల్లటి చర్మాన్ని ఆ చుక్క మీద నుంచి లాగినా చుక్క పోదు. అయితే క్లోన్ తెచ్చుకునే చోటు ఆ చుక్క మీద పడకుండా చూసుకోండి, లేకపోతే ఇంకో చుక్క పుడుతుంది.

మూడు చోట్లా అయ్యాక Colors > Components > Recompose నొక్కితే రంగులు అసలు ఫోటోలోకి తిరిగి వెళ్తాయి. Merge Down వాడినందువల్ల లేయర్ దొరకలేదని Recompose ఆగిపోతే, Colors > Components > Compose లో RGB ఎంచుకుని మూడు లేయర్లనీ వాటి వాటి రంగుల దగ్గర పెట్టండి; కొత్త విండోలో వచ్చిన ఫోటోని కాపీ చేసి అసలు ఫోటో పైన లేయర్‌గా అతికించండి. ఇప్పుడు పరీక్ష. కంటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, కాబట్టి కంటిని నమ్మకుండా కొంచెం మొండిగా చూడాలి. Colors > Hue-Saturation లో Saturation ని పూర్తిగా పెంచండి. మిగిలిన నారింజ పొగ ఎక్కడున్నా అరుస్తుంది. అది ఎక్కడుందో చూసుకుని Ctrl+Z తో వెనక్కి వచ్చి, ఆ చోటు మళ్లీ సరిచేయండి. తర్వాత చిత్రాన్ని Image > Transform > Flip Horizontally తో తిప్పి చూడండి. అలవాటైన ఫోటో అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది, ఒకే మచ్చ రెండుసార్లు పడ్డా, జరీ తెగినా కొత్త కంటికి వెంటనే పట్టుబడుతుంది. తిరిగి మామూలుగా తిప్పడం మరవొద్దు.

ఒకచోట మిగతాదానికంటే నున్నగా అనిపిస్తే, అక్కడ ఫిల్ము గింజ పోయిందని అర్థం. పాత ఫిల్ముల్లో సన్నటి ఇసుక లాంటి గరుకు ఫోటో అంతటా సమానంగా ఉంటుంది. అది లేని చోటు చిన్న ఫోటోలో తెలియదు, ఫ్రేము కట్టేసరికి తెలుస్తుంది. ఆ ముక్క వరకే సెలెక్ట్ చేసి Filters > Noise లో RGB Noise చాలా తక్కువ మోతాదులో వేయండి. 100 శాతం జూమ్‌లో పక్కదానితో కలిసిందో లేదో చూసి ఆపేయండి.

ఎక్కడైనా చేయి జారి చెవి అంచో, జుట్టో చెడితే మొత్తం మళ్లీ చేయక్కర్లేదు. కింద అసలు లేయర్ ఉంచమన్నది అందుకే. పై లేయర్‌కి మాస్క్ పెట్టి, చెడిన చోట నలుపు రంగు పూస్తే కింది అసలు జుట్టు పైకి కనిపిస్తుంది.

చెరపలేని సందర్భాలూ ఉన్నాయి. అంకె కంటి గుడ్డు మీదో, పెదవుల మధ్యో పడి, నీలంలో కూడా వివరం లేకపోతే, నెగిటివ్‌లో కూడా లేకపోతే, అక్కడ మనం పెట్టేది ఊహే. మీ అప్ప ఫోటోలో ఆ సమస్య లేదు. మిగతా ఆల్బమ్‌లో అలాంటిది కనబడితే, తేదీని అలాగే ఉంచడం నా సలహా. కన్ను మారితే మనిషి మారినట్టే ఉంటుంది, తేదీ ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

తేదీ తీసేసిన ఫోటోలో ఆ తేదీ సమాచారం కూడా పోతుంది. అసలు స్కాన్‌ని వేరే ఫోల్డర్లో ఉంచి, బాగుచేసిన ఫైలు పేరులోనే తేదీ రాసి పెట్టుకోండి. రాసే ముందు 96 5 12 నిజమేనా అని అమ్మని అడగండి. ఇది 1996 మే 12 లాగే ఉంది, మొదటి జత సంవత్సరం కాబట్టి. కానీ ఆ కెమెరాల్లో వరుస మార్చుకునే వీలుండేది, రోజు ముందు వచ్చేలా, నెల ముందు వచ్చేలా. బ్యాటరీ మార్చినప్పుడు తేదీ సరిచేయకపోతే తప్పు తేదీ పడేది. పాపకి అప్పుడు ఎన్ని నెలలో చెబితే తేలిపోతుంది.

ప్రింటుకి ఇచ్చేటప్పుడు నేరుగా 12×8 వేయించకండి. ముందు తేదీ ఉన్న మూలని మాత్రమే అసలు సైజులో, అంటే 12×8లో అది ఎంత పెద్దగా వస్తుందో అంత సైజులో, ఒక 6×4 కాగితం మీద వేయించండి. స్క్రీన్ మీద కనిపించని నారింజ ఛాయ కాగితం మీద ఒక్కోసారి కనిపిస్తుంది, ముఖ్యంగా పంచె తెలుపులో. ఆ ముక్కని పగటి వెలుగులో, కిటికీ దగ్గర చూడండి, ట్యూబ్‌లైటు కింద వద్దు. ల్యాబ్ వాళ్లకి ఆటో కరెక్షన్ లేకుండా వేయమని చెప్పండి. ఆ ముక్క బాగుంటే అప్పుడు పెద్దది వేయించండి. ఏదైనా చోట కుదరకపోతే, మీరు చేసిన ఫైలుతో పాటు Decompose చేసినప్పటి నీలం లేయర్ని కూడా విడిగా ఈమెయిల్‌కి పంపండి, వాట్సాప్‌లో కాదు. ఎక్కడ ఆగిందో చూసి చెబుతాను.